డాబా మీద ఎండ, మీటర్లో యూనిట్లు

హైదరాబాద్‌లో నాలుగంతస్తుల వాణిజ్య భవనం ఒకటి ఉందనుకుందాం. డాబా మీద 550 వాట్ల ప్యానెళ్లు 180, అంటే 99 కిలోవాట్లు. దక్షిణం వైపు పన్నెండు డిగ్రీల వాలు. డాబా మధ్యలో లిఫ్ట్ గది, దాని నెత్తిన నీళ్ల ట్యాంకు. పడమట పక్క స్థలంలో ఇంకాస్త ఎత్తయిన భవనం. ఈ డాబా నుంచి ఏడాదికి ఎన్ని యూనిట్లు వస్తాయన్న లెక్క మీదే పెట్టుబడి ఎన్నాళ్లకు తిరిగొస్తుందన్నది ఆధారపడి ఉంటుంది. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లని నోటి లెక్క చెప్పేవాళ్లు చాలామంది. అది నగరానికి సరిపోయే లెక్కే కావచ్చు గానీ, ఈ డాబాకు సరిపోతుందో లేదో ఆ మాటలో ఎక్కడా లేదు.

లెక్కకు మొదటి మెట్టు ఎండ. ప్యానెల్ వాలు మీద చదరపు మీటరుకు ఏడాదిలో పడే సౌరశక్తిని కిలోవాట్ అవర్లలో కొలుస్తారు. ప్రపంచ బ్యాంకు ఉచితంగా అందించే గ్లోబల్ సోలార్ అట్లాస్ వంటి చోట్ల, పటం మీద భవనం ఉన్న చోటును చూపిస్తే ఈ అంకె దొరుకుతుంది. హైదరాబాద్‌కు గుండ్రంగా 2,000 అనుకోవచ్చు. ప్యానెల్ వెనక రాసి ఉండే 550 వాట్లు ప్రయోగశాలలో కొలిచినవి: చదరపు మీటరుకు 1,000 వాట్ల ఎండ, ప్యానెల్‌లోని సెల్ వేడి 25 డిగ్రీలు. కాబట్టి 2,000 కిలోవాట్ అవర్లంటే, అలాంటి నిండు ఎండ 2,000 గంటలు కాసినట్టే. ఏ నష్టమూ లేకపోతే 99 కిలోవాట్లు 1,98,000 యూనిట్లు ఇవ్వాలి. మీటర్లో అన్ని రావు. వచ్చినవి ఇందులో ఎన్నో వంతో చెప్పేదే పర్ఫార్మెన్స్ రేషియో, వాడుకలో పీఆర్. సూత్రం చిన్నదే:

```
E = P × H × PR
```

E ఏడాది యూనిట్లు, P కిలోవాట్లు, H వాలు మీద పడే ఎండ. మొదటి రెండు అంకెలు కాగితాల మీద దొరుకుతాయి. మూడోది మాత్రం డాబా ఎక్కితే గానీ తెలియదు.

నీడతో మొదలుపెట్టాలి. హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు. డిసెంబరు నెలాఖరున మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఉదయం తొమ్మిది ప్రాంతంలో ఆ ఎత్తు 30 డిగ్రీలే. లిఫ్ట్ గది, ట్యాంకు కలిపి ప్యానెళ్ల మట్టం కన్నా మూడు మీటర్లు ఎక్కువ ఉంటే, దాని నీడ మధ్యాహ్నం ఉత్తరానికి రెండున్నర మీటర్ల పైచిలుకు, ఉదయం తొమ్మిదికి దాదాపు మూడున్నర మీటర్లు పాకుతుంది. తొమ్మిదికి పడమటి వైపు కూడా నాలుగు మీటర్ల దాకా వాలుతుంది. వేసవిలో ఈ బొమ్మ తిరగబడుతుంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్న సూర్యుడు హైదరాబాద్‌కు నడినెత్తిని దాటి ఉత్తరం వైపు ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. అయితే అప్పటి నీడ చాలా పొట్టిది కాబట్టి భయం లేదు. మే నెలలో డాబా చూసి, నీడ లేదని రాసుకొచ్చిన అంచనా మాత్రం డిసెంబరులో తప్పుతుంది.

నీడ ఎంతసేపన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఏ వేళన్నదీ చూడాలి. తేటగా ఎండ కాసిన రోజున మధ్యాహ్నం అటొక గంట ఇటొక గంట, ఆ రెండు గంటల్లోనే రోజు మొత్తం కరెంటులో సుమారు నాలుగో వంతు తయారవుతుంది. పొద్దుగుంకే ముందు చివరి గంటలో వచ్చేది రెండు శాతానికి మించదు. అందుకే ఈ డాబాలో పడమటి భవనం చివరి గంట ఎండను మింగేసినా బెంగపడనక్కరలేదు. లిఫ్ట్ గదికి ఉత్తరాన మూడున్నర మీటర్ల మేర మాత్రం ఖాళీగా వదలాల్సిందే. అక్కడ ఇంకో ఎనిమిది ప్యానెళ్లు పడతాయని ఆశపడితే, అవి చలికాలమంతా మధ్యాహ్నపు నీడలో కూర్చుంటాయి.

నీడ కప్పిన జాగా ఎంతో, పోయే కరెంటు అంతే కాదు. ప్యానెల్‌లో సెల్‌లు వరసగా గొలుసులా కలిసి ఉంటాయి. ఒక్క సెల్‌కు ఎండ తగ్గితే దాని గుండా వెళ్లే ప్రవాహమంతా సన్నబడుతుంది. గొలుసు మొత్తం కుంటుపడకుండా ప్యానెల్‌ను మూడు భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక పక్కదారి డయోడ్ పెడతారు. పిట్టగోడ నీడ జానెడు వెడల్పున ప్యానెల్ కింది అంచు మీద పడిందనుకోండి. పాత రకం ప్యానెల్‌ను నిలువుగా పెట్టి ఉంటే, ఆ జానెడు నీడ మూడు భాగాలనూ తాకి దాదాపు అంతా ఆపేస్తుంది. అడ్డంగా పెట్టి ఉంటే పోయేది మూడో వంతే. ఇప్పటి హాఫ్‌కట్ ప్యానెల్‌లో పై సగం, కింది సగం వేర్వేరుగా పని చేస్తాయి కాబట్టి, నిలువుగా ఉన్నా పై సగం మిగులుతుంది. పీవీసిస్ట్ వంటి సాఫ్ట్‌వేర్‌లో భవనం నమూనా గీస్తే ఈ విద్యుత్ నష్టాన్ని కూడా లెక్క కడుతుంది, అయితే ప్యానెళ్లు ఏ స్ట్రింగ్‌లో ఎలా కలిశాయో చెప్పాలి. అది చెప్పకుండా కప్పిన జాగా మాత్రమే లెక్కిస్తే నష్టం తక్కువగా కనిపిస్తుంది. మన డాబాకు, ఖాళీ వదిలిన తర్వాత కూడా, ఉదయపు నీడలూ పడమటి భవనమూ కలిపి మూడు శాతం నష్టం వేద్దాం.

దుమ్ము సంగతి వేరు. నీడ పంచాంగంలా ఏటా అదే వేళకు వస్తుంది, దుమ్ము రోజూ కొంచెం పేరుకుంటూ వాన పడితే పోతుంది. ఎండాకాలంలో రోజుకు పావు శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతోందనుకుంటే, నెల తిరిగేసరికి లోటు ఏడున్నర శాతం. నెలకోసారి కడిగే చోట సగటు లోటు అందులో సగం, మూడు ముప్పావు శాతం. పదిహేను రోజులకోసారి కడిగితే రెండు శాతం లోపే. వానాకాలంలో నష్టం ఒకటి, ఒకటిన్నర శాతానికి మించదనుకోవచ్చు. కానీ ఏడాది ఎండలో ఎక్కువ భాగం దుమ్ము కాలంలోనే కాస్తుంది కాబట్టి, పన్నెండు నెలలకూ ఒకే సగటు వేయకూడదు. ఏ నెల లోటును ఆ నెల ఎండతో తూచి కలపాలి. కడిగినా వదలని మరకలకు కొంత చేర్చి, నెలకోసారి కడిగే ఈ డాబాకు ఏడాదికి నాలుగు శాతం వేయడం న్యాయం.

దగ్గరికి వెళ్లి చూస్తే ఇంకో విషయం కనిపిస్తుంది. వాలు తక్కువైన ప్యానెల్‌లో నీళ్లు పూర్తిగా జారిపోవు. కింది ఫ్రేము అంచున నిలిచి ఆరిపోతాయి, అక్కడ రెండు వేళ్ల వెడల్పున మట్టి గట్టు కడుతుంది. అద్దం మిగతా అంతా మెరుస్తున్నా, ఆ గట్టు కింది వరస సెల్‌ల మీద నీడలా పని చేస్తుంది. తొలకరి చినుకులు నాలుగు పడి ఆగితే దుమ్ము పోకపోగా బురదచారలవుతుంది. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లతో ఎండలో కడిగితే, నీళ్లు ఆరిన చోట తెల్లటి పొర మిగులుతుంది. తెల్లవారుజామున కడిగి, రబ్బరు పట్టీతో నీళ్లు లాగేయడం దీనికి మందు. కాగే అద్దం మీద చల్లటి నీళ్లు పోసే ప్రమాదమూ తప్పుతుంది.

మూడోది వేడి. చదరపు మీటరుకు 800 వాట్ల ఎండలో సెల్ వేడి, గాలి వేడి కంటే సుమారు పాతిక డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. బయట 35 అయితే సెల్ 60. ప్రయోగశాల 25 మీద ముప్పై ఐదు డిగ్రీలు ఎక్కువన్నమాట. డిగ్రీకి 0.35 శాతం చొప్పున తగ్గే ప్యానెల్ ఆ వేళ పన్నెండు శాతం తక్కువ ఇస్తుంది. ఏడాది మొత్తానికి తొమ్మిది శాతం వేయవచ్చు. ప్యానెళ్లను రేకుల కప్పుకు అతికించినట్టు పెడితే కింద గాలి ఆడక ఇది ఇంకా పెరుగుతుంది.

అద్దం మీద ఎండ తిరిగి మెరిసిపోవడం, ప్యానెళ్ల మధ్య చిన్న తేడాలు, తీగలు, ఇన్వర్టర్, కరెంటు పోయినప్పటి ఆగుదల, ఇవన్నీ కలిపి పది శాతం. గ్రిడ్ లేనప్పుడు ఈ రకం ఇన్వర్టర్ కూడా ఆగిపోతుందని చాలామందికి తెలియదు. భవనానికి ఆదివారం సెలవై, మిగిలిన కరెంటు గ్రిడ్‌కు పంపే అనుమతి లేకపోతే, ఆ రోజు పోయేది ఈ పది శాతంలో లేదు, విడిగా తీసేయాలి.

ఈ నష్టాలను కూడకూడదు, గుణించాలి. నీడ దాటి వచ్చిన ఎండ మీదే దుమ్ము పని చేస్తుంది, దుమ్ము వదిలిన దాని మీదే వేడి పని చేస్తుంది.

```
0.97 × 0.96 × 0.91 × 0.90 = 0.763
2000 × 99 × 0.763 ≈ 1,51,000
```

ఏడాదికి 1,51,000 యూనిట్లు, కిలోవాట్‌కు రోజుకు దాదాపు 4.2. కూడి ఇరవై ఆరు శాతం తీసేసి ఉంటే నాలుగువేల యూనిట్లకు పైగా తక్కువ కనిపించేవి. దీనికి తలకిందుల పొరపాటు ఇంకా ఎక్కువ. అమెరికా ప్రభుత్వ పరిశోధనశాల తయారుచేసిన ఉచిత పీవీవాట్స్‌లో నష్టాల గడి దానంతట అదే సుమారు 14 శాతం చూపిస్తుంది. అందులో దుమ్ము రెండు శాతమే, వేడీ ఇన్వర్టర్ నష్టమూ అసలు లేవు, వాటిని ఆ ప్రోగ్రాం విడిగా లెక్కిస్తుంది. ఆ 14 చూసి పీఆర్ 0.86 అని రాసుకున్న అంచనాలో ఈ డాబాకు 1,70,000 యూనిట్లు తేలుతాయి. అవి ఏనాటికీ రావు.

1,51,000 కూడా మధ్య అంచనా మాత్రమే. ఎండ ఏటా ఒకేలా కాయదు, వేసుకున్న శాతాల్లోనూ తప్పు ఉండొచ్చు. ఆ అనిశ్చితి అంతా కలిపి ఆరు శాతం అనుకుంటే, పదేళ్లలో తొమ్మిదేళ్లు దాటగల అంకె సుమారు 1,39,000. బ్యాంకు వాయిదాను దీని మీద కట్టుకోవాలి. ప్యానెళ్లు ఏటా అర శాతం చొప్పున నీరసించడాన్ని రెండో ఏడాది నుంచి తగ్గించుకుంటూ పోవాలి.

ప్లాంటు నడవడం మొదలయ్యాక అంచనా తప్పిందో, ప్లాంటు తప్పిందో ఇన్వర్టర్ గీసే రోజువారీ గీత చెబుతుంది. మబ్బులేని రోజున ఆ గీత బోర్లించిన గిన్నెలా నునుపుగా ఉండాలి. రోజూ అదే వేళకు ఒక గాటు కనిపిస్తే నీడ. గిన్నె ఆకారం చెడకుండా మొత్తంగా కిందికి దిగితే దుమ్ము. ఉన్నట్టుండి సున్నాకు పడి లేస్తే గ్రిడ్. మార్చిలో వాలు మీద ఎండ చదరపు మీటరుకు 205 కిలోవాట్ అవర్లుగా కొలిచారనుకుందాం. 99 కిలోవాట్లకు 20,295 రావాలి, మీటర్లో 14,200 ఉంది, అంటే పీఆర్ 0.70. మార్చిలో వేడి ఎక్కువని రెండు పాయింట్లు వదిలినా ఇంకా నాలుగు పాయింట్లు లోటు. అప్పుడు ఒక స్ట్రింగ్ మాత్రం కడిగి, పక్క స్ట్రింగ్‌తో మధ్యాహ్నం పోల్చాలి. కడిగినది ఐదారు శాతం ఎక్కువ ఇస్తే లోటంతా దుముదే, కడిగే రోజుల ఎడం సగానికి తగ్గించాలి. తేడా లేకపోతే తీగల కలయికలు, డయోడ్లు చూడాలి. మే నెల పీఆర్‌ను మాత్రం డిసెంబరుతో పోల్చకూడదు, వేడి వల్లే అది తగ్గుతుంది. పోలిక నిరుటి మే నెలతోనే.