ఇరవయ్యో నిమిషంలోనూ తడబడని ఆట

గేమ్ ఆడుతున్నప్పుడు తెర మీద కనిపించే ప్రతి ఫ్రేమ్‌నూ ఫోన్‌లోని చిప్ అప్పటికప్పుడు గీస్తుంది. సెకనుకు 30 ఫ్రేమ్‌లు కావాలంటే ఒక్కోదానికి దాదాపు 33 మిల్లీసెకన్లు దొరుకుతాయి. 60 కావాలంటే 16.7 మాత్రమే. ఆ గడువులోగా కొత్త బొమ్మ సిద్ధం కాకపోతే తెర పాత బొమ్మనే మళ్లీ చూపిస్తుంది. ఆటగాడికి అది కుదుపుగా తెలుస్తుంది. అందుకే ఆట సాఫీగా ఉండడమంటే ఫ్రేమ్‌లు ఎక్కువ రావడం ఒక్కటే కాదు, ఒకే లయలో రావడం కూడా. 35కూ 60కీ మధ్య ఊగిసలాడే ఆట కన్నా నిలకడగా 40 దగ్గర నడిచే ఆటే చేతికి లొంగుతుంది.

పదీ పదిహేను వేల రూపాయల ఫోన్‌లో ఈ నిలకడను మొదట దెబ్బతీసేది వేడి. చిప్ వేగం పెరగాలంటే దానికిచ్చే వోల్టేజీ కూడా పెరగాలి. కరెంటు ఖర్చు వేగానికి అనుగుణంగానూ, వోల్టేజీ వర్గానికి అనుగుణంగానూ పెరుగుతుంది. వేగం 20 శాతం పెంచడానికి వోల్టేజీని 10 శాతం పెంచాల్సి వచ్చిందనుకుంటే, ఖర్చు 1.2ను 1.21తో గుణించినంత, అంటే సుమారు 45 శాతం ఎక్కువవుతుంది. ఆ అదనమంతా వేడిగానే బయటకు రావాలి. ఖరీదైన ఫోన్లలో ఆ వేడిని పరిచేందుకు వేపర్ చాంబర్ ఉంటుంది. చవక ఫోన్‌లో సాధారణంగా పలుచని గ్రాఫైట్ పొర, దాని మీద ప్లాస్టిక్ మూత ఉంటాయి. ఒంటి వేడి హద్దు దాటబోతుంటే ఫోన్ తనంతట తానే చిప్ వేగాన్ని తగ్గిస్తుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. మొదటి మ్యాచ్ హాయిగా సాగి, రెండో మ్యాచ్ మధ్యలో ఫ్రేమ్‌లు పడిపోవడానికి కారణం ఇదే. కాబట్టి సెట్టింగులను మొదటి నిమిషం చూసి కాదు, ఇరవయ్యో నిమిషం చూసి ఎంచుకోవాలి.

చేతిలో ఉన్న మీటలు మూడు. ఫ్రేమ్ పరిమితిని తగ్గిస్తే అన్నిటి మీదా భారం తగ్గుతుంది. ఆట లెక్కలు చూసే సీపీయూకూ, బొమ్మ గీసే జీపీయూకూ ఫ్రేమ్‌ల మధ్య విశ్రాంతి దొరుకుతుంది. రిజల్యూషన్ ప్రభావం దాదాపుగా జీపీయూ మీదే. 2400×1080 తెరలో దాదాపు 26 లక్షల పిక్సెళ్లుంటాయి, 1600×720లో 11.5 లక్షలు. అంటే రెండున్నర రెట్లకు కాస్త తక్కువ తేడా. కొన్ని గేముల్లో రిజల్యూషన్‌కు విడిగా సెట్టింగు ఉంటుంది, ఉదాహరణకు గెన్షిన్ ఇంపాక్ట్‌లో Render Resolution. మరికొన్నిటిలో అది గ్రాఫిక్స్ మెట్టులోనే కలిసిపోయి ఉంటుంది. మూడో మీట గ్రాఫిక్స్ నాణ్యత. ఇందులో ఎక్కువ భారం నీడలది. నీడ పడాలంటే అదే దృశ్యాన్ని వెలుగు వైపు నుంచి మరోసారి గీయాలి. అంచులను నునుపు చేసే యాంటీ అలియాసింగ్ తర్వాతి స్థానంలో ఉంటుంది. ఆరేడు అంగుళాల తెర మీద, పరుగు మధ్యలో, ఈ రెండూ లేని లోటు కంటికి పెద్దగా ఆనదు. అందుకే వీటిని ముందుగా వదులుకోవడం మంచిది.

తెలుగు రాష్ట్రాల్లోనూ విరివిగా ఆడే బీజీఎంఐని తీసుకుందాం. అందులో గ్రాఫిక్స్ తేలికైన మెట్లలో Smooth ఒకటి. ఫ్రేమ్ రేటులో High అంటే 30, Ultra అంటే 40, Extreme అంటే 60. గ్రాఫిక్స్ మెట్టు పెంచేకొద్దీ పై ఫ్రేమ్ రేట్లు అందుబాటులో లేకుండా పోవచ్చు. 1080 తెర ఉన్న చవక ఫోన్‌లో మొదట గ్రాఫిక్స్ Smoothలో పెట్టి, నీడలూ యాంటీ అలియాసింగూ ఆపి, ఫ్రేమ్ రేటు Extremeకు మార్చాలి. ఫోన్‌లోని గేమ్ మోడ్‌లో ఫ్రేమ్ మీటర్ ఉంటే దాన్ని తెర మూలన తెరిచి ఉంచుకోవాలి. చార్జర్ పెట్టకుండా, మధ్యలో ఆపకుండా ఇరవై నిమిషాలు ఆడాలి. చివరి ఐదు నిమిషాల్లోనూ మీటర్ 60 దగ్గరే ఉంటే ఆ ఫోన్‌కు ఆ సెట్టింగు సరిపోయినట్టే. మొదట 60 ఉండి, తర్వాత 45కు జారి, మళ్లీ 55కు లేచి, ఇలా ఊగుతుంటే ఆ ఫోన్ అంత వేడిని వదిలించుకోలేకపోతోందని అర్థం. అప్పుడు Ultraకు దిగి, ఫోన్ చల్లారాక మళ్లీ ఇరవై నిమిషాలు చూడాలి. అది నిలకడగా ఉండి ఒళ్లు గోరువెచ్చగా మాత్రమే ఉంటే, గ్రాఫిక్స్‌ను ఒక్క మెట్టు పెంచి చూడవచ్చు. ఒక్కసారికి ఒక్క మీటనే కదపాలి. రెండు కలిపి మారిస్తే మేలు దేనివల్ల జరిగిందో తెలియదు.

ఇక్కడ తెర సంగతి కూడా చూడాలి. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. అందులో 30 ఫ్రేమ్‌లు సరిగ్గా ఇమిడిపోతాయి, ఒక్కోటీ రెండు మార్పుల పాటు నిలుస్తుంది. 40 ఫ్రేమ్‌లైతే ఒకటి ఒక మార్పు, ఇంకొకటి రెండు మార్పులు నిలవాల్సి వస్తుంది. మీటర్ 40 చూపిస్తున్నా కెమెరా తిప్పినప్పుడు సన్నటి అదురు కనిపించేది అందుకే. 120 హెర్ట్జ్ తెర మీద అదే 40 మూడేసి మార్పులకు ఒకటిగా చక్కగా కుదురుతుంది. 60 హెర్ట్జ్ ఫోన్‌లో ఈ అదురు ఇబ్బంది పెడితే, మిగతా భారం తగ్గించి 60 నిలబెట్టాలి, కుదరకపోతే 30తో సరిపెట్టుకోవాలి. అలాగని 60కి మించని గేమ్ కోసం తెరను 120లో ఉంచినా ఫ్రేమ్‌లు పెరగవు, బ్యాటరీ మాత్రం కొంత ఎక్కువ ఖర్చవుతుంది.

ప్రతి కుదుపూ వేడి వల్ల రాదు. కొత్త ప్రాంతంలోకి దిగిన క్షణంలోనే ఆట ఆగి, వెంటనే కుదుటపడితే అది మెమరీ, స్టోరేజీల నెమ్మది. సెట్టింగులు తగ్గించినా పూర్తిగా పోదు, వెనకాల నడిచే యాప్‌లు మూసి, స్టోరేజీలో ఖాళీ ఉంచితే తగ్గుతుంది. ఫ్రేమ్‌లు బాగానే ఉండి శత్రువు మాత్రం ఉన్నట్టుండి పక్కకు దూకితే అది నెట్‌వర్క్ జాప్యం. రిజల్యూషన్ తగ్గించినా ఫ్రేమ్‌లు ఏమాత్రం పెరగకపోతే, ఆగిపోతున్నది జీపీయూ దగ్గర కాదు, సీపీయూ దగ్గర. అలాంటి ఫోన్‌లో బొమ్మను మసకబార్చడం దండగ, ఫ్రేమ్ పరిమితిని తగ్గించడమే దారి.

ఒకసారి కుదిరిన సెట్టింగు ఏడాది పొడవునా కుదరదు. ఫోన్ వదిలే వేడి, దాని ఒంటికీ గది గాలికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. ఒళ్లు 44 డిగ్రీల వరకు పోవచ్చనుకుంటే, 28 డిగ్రీల గదిలో తేడా 16. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో గది 38 డిగ్రీలుంటే తేడా ఆరే. అదే ఫోన్ అప్పుడు సగం కన్నా తక్కువ వేడిని మాత్రమే వదలగలదు. చలికాలంలో 60 దగ్గర నిలిచిన ఆటను వేసవి మధ్యాహ్నం 40కో 30కో దించక తప్పదు. మందపాటి కవర్ తీసేయడం, తెర వెలుగు తగ్గించడం, ఫ్యాన్ గాలి తగిలేలా కూర్చోవడం కొంత ఊరటనిస్తాయి. చార్జింగ్ పెట్టి ఆడితే చార్జింగ్ వేడి కూడా దానికి తోడవుతుంది. కొన్ని ఫోన్లలో కరెంటును బ్యాటరీకి పంపకుండా నేరుగా ఫోన్‌కే ఇచ్చే బైపాస్ చార్జింగ్ ఉంటుంది, అది ఉంటే వాడుకోవచ్చు. కాలిపోతున్న ఫోన్‌ను ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు. బయటకు తీయగానే గాలిలోని తేమ లోపలి భాగాల మీద నీటిబొట్లుగా మారవచ్చు.