ఛార్జింగ్ ఎటు పోతోంది? బ్యాటరీ పేజీ చదివే పద్ధతి

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో Battery usage పేజీ తెరిస్తే యాప్‌ల పేర్లు, వాటి పక్కన శాతాలు వరుసగా కనిపిస్తాయి. ఛార్జింగ్ నిలవడం లేదని విసిగిపోయినవారు సాధారణంగా ఆ వరుసలో అందరికంటే పైనున్న యాప్‌నే దోషిగా తేల్చి తీసేస్తారు. రెండు రోజులు పోయాక చూస్తే ఛార్జింగ్ ఎప్పటిలాగే దిగిపోతుంటుంది, వరుసలో పై స్థానంలోకి మరో పేరు వచ్చి కూర్చుంటుంది. ఆ శాతం దేనిలో శాతమో తెలియకపోతే ఇది ఎన్నిసార్లయినా జరుగుతుంది.

చాలా కొత్త ఫోన్లలో యాప్ పక్కనున్న అంకె బ్యాటరీ మొత్తంలో శాతం కాదు. అప్పటిదాకా ఖర్చయినదాంట్లో దాని వాటా. ఒక పగలంతా వాడితే ఛార్జింగ్ 90 నుంచి 10కి దిగిందనుకుందాం. అంటే 80 పాయింట్లు ఖర్చు. అందులో ఒక యాప్ వాటా 10 శాతమైతే అది తిన్నది 8 పాయింట్లు. అదే ఫోన్ ఒక రాత్రి 5 పాయింట్లే ఖర్చుచేసి, ఒక యాప్ పక్కన 40 శాతం చూపిస్తే, అది తిన్నది కేవలం 2 పాయింట్లు. 40ని చూసి కంగారుపడి, 10ని చూసి ఊరుకుంటే లెక్క తలకిందులైనట్టే. అందుకే శాతం చూసేముందు ఎన్ని గంటల్లో ఎన్ని పాయింట్లు దిగిందో చూడాలి. పేజీ పైభాగంలో ఉండే గ్రాఫ్ అందుకే. చాలా ఫోన్లలో ఆ గ్రాఫ్‌లోని ఒక గడిని నొక్కితే ఆ వేళకు సంబంధించిన లెక్క ఒక్కటే విడిగా కనిపిస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. కొత్త ఆండ్రాయిడ్‌లలో ఈ పేజీ రెండు జాబితాలుగా ఉంటుంది. తెరవగానే కనిపించేది యాప్‌ల జాబితా, View by apps. స్క్రీన్, మొబైల్ నెట్‌వర్క్ లాంటివి View by systems అనే రెండో జాబితాలో ఉంటాయి. అది ఎంచుకుంటే తప్ప కనబడదు. కొన్ని ఫోన్లలో ఈ రెండు జాబితాల శాతాలూ వేటికవే లెక్కగడతారు. అంటే యాప్‌ల జాబితా ఒక్కటే కూడితే వందకు దగ్గరవుతుంది, సిస్టమ్ జాబితా కూడా విడిగా వందకు దగ్గరవుతుంది. అలాంటి ఫోన్‌లో యాప్ పక్కనున్న 46ను, నెట్‌వర్క్ పక్కనున్న 71ని పోల్చడం కుదరదు. యాప్‌లన్నీ కలిసి తిన్నదే తక్కువైతే అందులో 46 శాతం ఎంతని? తమ ఫోన్ ఏ రకమో తెలుసుకోవాలంటే ఒక్కో జాబితాను ఒకసారి కూడి చూస్తే చాలు.

ఈ అంకెలన్నీ అంచనాలే అన్నదీ గుర్తుంచుకోవాలి. ఒక్కో యాప్‌కు విడిగా మీటరు బిగించి ఫోన్ కొలవదు. స్క్రీన్ ఇంత వెలుతురులో ఇంత కరెంటు, ప్రాసెసర్ ఇంత వేగంలో ఇంత కరెంటు, రేడియో పనిచేస్తుంటే ఇంత కరెంటు అని తయారీదారు ఇచ్చిన పట్టిక ఒకటి ఫోన్‌లో ఉంటుంది. ఏ యాప్ ఏ భాగాన్ని ఎంతసేపు వాడిందో ఫోన్ రాసుకుని, ఆ పట్టికతో హెచ్చవేసి వాటాలు పంచుతుంది. వరుసలో ముందువెనుకలు చూడటానికి ఇది సరిపోతుంది. 11కూ 13కూ మధ్య తేడా చూసి తీర్పు చెప్పడానికి సరిపోదు.

యాప్ పేరును నొక్కితే శాతం కంటే పనికొచ్చే సంగతి ఒకటి దొరుకుతుంది. యాప్ ఎంతసేపు స్క్రీన్ మీద ఉంది, ఎంతసేపు వెనకాల, అంటే Background లో పనిచేసింది అన్న రెండు కాలాలు అక్కడ ఉంటాయి. వీడియో యాప్ రెండు గంటలు స్క్రీన్ మీద ఉండి పెద్ద వాటా తీసుకుంటే అది లీకేజీ కాదు, చూసిన సినిమా ఖరీదు. అసలు అనుమానించాల్సింది తెరవని యాప్‌ను. స్క్రీన్ మీద 4 నిమిషాలు, వెనకాల 5 గంటలు అని ఉన్న షాపింగ్ యాప్‌కో వాతావరణం యాప్‌కో జవాబుదారీ ఉంది. పాటలు వినిపించే యాప్‌కు, దారి చూపే యాప్‌కు మాత్రం వెనకాల కాలం ఉండటం సహజమే, వాటి పనే అది.

స్క్రీన్ లెక్కను కంపెనీలు ఒక్కోలా రాస్తాయి. కొన్ని ఫోన్లలో Screen అని విడిగా వరుస ఉంటుంది. ఐఫోన్‌లో అలాంటి వరుస ఉండదు, స్క్రీన్ ఖర్చు ఆ సమయంలో తెరిచి ఉన్న యాప్ ఖాతాలోనే పడుతుంది. అందువల్ల అక్కడ బ్రౌజర్, వీడియో, రీల్స్ యాప్‌లు పైన ఉంటే ఆశ్చర్యం లేదు. పొలంలోనో బస్టాండులోనో ఎండలో ఫోన్ చూస్తే ఆటో వెలుతురు గరిష్ఠానికి పెరుగుతుంది. ఇంట్లో గంటసేపు చూసినదానికీ బయట గంటసేపు చూసినదానికీ ఖర్చు ఒకటి కాకపోవడానికి అదే కారణం. స్క్రీన్ వాటా ఎక్కువగా ఉండి, స్క్రీన్ వెలిగిన గంటలూ ఎక్కువే ఉంటే వెతకాల్సిన దొంగ ఎవరూ లేరు. వెలుతురు తగ్గించడం, స్క్రీన్ ఆరిపోయే గడువు తగ్గించడం మాత్రమే మందు.

సిస్టమ్ సర్వీసుల్లో ఎక్కువగా నిందపడేది Google Play services. ఇది యాప్‌లన్నిటికీ ఉమ్మడి పనిమనిషి లాంటిది. నోటిఫికేషన్లు తెచ్చేది, లొకేషన్ కనుక్కునేది, అకౌంట్‌లో కాంటాక్టులను సరిచూసేది ఇదే. ఏదో యాప్ పది నిమిషాలకోసారి లొకేషన్ అడుగుతుంటే ఆ ఖర్చులో కొంత అడిగిన యాప్ పేరున కాక దీని పేరున పడవచ్చు. కాబట్టి దీని వాటా పెరిగిందని దీన్ని ఆపేస్తే నోటిఫికేషన్లు ఆగిపోతాయి తప్ప అడిగినవాడు దొరకడు. లొకేషన్ సెట్టింగ్స్‌లో ఈమధ్య ఎవరెవరు లొకేషన్ వాడారో జాబితా ఉంటుంది, అక్కడ వెతకాలి. పెద్ద అప్‌డేట్ వచ్చిన తర్వాత ఒకటి రెండు రోజులు సిస్టమ్ వాటా ఎక్కువ ఉండటం మామూలే. ఫోన్ అప్పుడు యాప్‌లను కొత్త సిస్టమ్‌కు సిద్ధం చేసుకుంటుంటుంది. ఆ రోజుల లెక్క చూసి దేన్నీ తీసేయకూడదు.

ఇక అందరూ దాటేసేది మొబైల్ స్టాండ్‌బై. పాత ఫోన్లలో Mobile standby, కొత్తవాటిలో Mobile network అని ఉంటుంది. ఎవరికీ ఫోన్ చేయకపోయినా, డేటా వాడకపోయినా ఫోన్ టవర్‌ను పట్టుకునే ఉండాలి. కాల్ వచ్చిందేమో వినాలి, చుట్టుపక్కల టవర్లలో ఏది బాగుందో కొలవాలి. సిగ్నల్ బాగుంటే ఇది చాలా చవకైన పని. సిగ్నల్ బలహీనంగా ఉంటే ఫోన్ తన గొంతు పెంచి మాట్లాడాలి, అదే మెసేజ్‌ను మళ్లీ మళ్లీ పంపాలి. సిగ్నల్ పూర్తిగా పోతే ఒక్కో బ్యాండునూ తిరగేస్తూ టవర్ కోసం వెతకాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పాడేరు లాంటి కొండ ప్రాంతంలోని ఒక ఇల్లు, రెండు సిమ్‌ల ఫోన్, ఇంట్లో వైఫై. రాత్రి 11కి 90 ఉన్న ఛార్జింగ్ ఉదయం 6కి 69 అయింది. ఎవరూ ముట్టుకోకుండానే ఏడు గంటల్లో 21 పాయింట్లు, గంటకు 3. సిగ్నల్ బాగున్నచోట పక్కన పడున్న ఫోన్ గంటకు ఒక పాయింటుకు అటూఇటూ దిగుతుంది కాబట్టి ఇది ఎక్కువే. యాప్‌ల జాబితాలో పైన వాట్సాప్, 46 శాతం. నొక్కి చూస్తే వెనకాల పనిచేసింది 6 నిమిషాలు. ఏడు గంటల్లో ఆరు నిమిషాల పనికి అంత ఛార్జింగ్ పోదు. సిస్టమ్ జాబితాలో పైన Mobile network, 71 శాతం. రెండు జాబితాలూ వేటికవే వందకు చేరుతున్నాయి కాబట్టి ఈ అంకెలతోనే తీర్పు చెప్పలేం. పరీక్ష పెట్టాలి.

రెండో రాత్రి ఫ్లైట్ మోడ్ పెట్టి, ఆ తర్వాత వైఫైని మళ్లీ ఆన్ చేయాలి. ఈ రెండో పని మరిచిపోతే పరీక్ష చెడుతుంది. వైఫై కూడా ఆగిపోతే యాప్‌లకూ నెట్ ఉండదు, తగ్గిన ఖర్చు యాప్‌లదో రేడియోదో తేలదు. వైఫై ఉంచితే మెసేజ్‌లు ఎప్పటిలాగే వస్తాయి, మొబైల్ రేడియో ఒక్కటే ఆగుతుంది. ఈ ఫోన్‌లో ఆ రాత్రి 90 నుంచి 86కు దిగింది, నాలుగు పాయింట్లే. యాప్‌ల జాబితాలో వాట్సాప్ మళ్లీ పైనే ఉంది, దాదాపు అదే శాతంతో. కానీ మొత్తం ఖర్చే నాలుగైనప్పుడు ఆ శాతానికి బరువు లేదు. వాట్సాప్ నిర్దోషి.

మూడో రాత్రి ఫ్లైట్ మోడ్ తీసేసి రెండో సిమ్‌ను మాత్రం సెట్టింగ్స్‌లో ఆపారు. ఏడు పాయింట్లు దిగింది. About phone లోని SIM status లో చూస్తే మొదటి సిమ్ సిగ్నల్ −92 dBm, రెండోది −118 dBm. ఈ కొలతలో అంకె సున్నాకు దగ్గరయ్యేకొద్దీ సిగ్నల్ బలం. ప్రతి 10 తేడాకూ సిగ్నల్ పదింతలు మారుతుంది కాబట్టి, 26 తేడా అంటే రెండో సిమ్‌కు అందుతున్నది మొదటిదాంట్లో సుమారు నాలుగు వందలో వంతు. 21 పాయింట్లలో 14 పోయింది ఆ ఒక్క సిమ్ కోసమే. ఆ ఇంట్లో ఉన్నంతసేపు దాన్ని ఆపుకోవచ్చు. అదే నంబరు తప్పనిసరైతే, నెట్‌వర్క్ ఇస్తే వైఫై కాలింగ్ పెట్టుకోవచ్చు. 5జీ అరకొరగా అందేచోట 4జీకి పరిమితం చేసినా కొంత ఆదా అవుతుంది.

పరీక్ష రాత్రి ఫ్లైట్ మోడ్‌లో కూడా ఛార్జింగ్ 20 పాయింట్లు దిగి ఉంటే కథ వేరు. అప్పుడు రేడియోను వదిలేసి, యాప్‌లలో వెనకాల గంటలకొద్దీ పనిచేసినదాన్ని, లొకేషన్ అడుగుతున్నదాన్ని వెతకాలి. అనుమానమున్న యాప్‌కు బ్యాక్‌గ్రౌండ్ వాడకాన్ని ఆపి ఇంకో రాత్రి చూడాలి. ఒక రాత్రికి ఒక్క మార్పే చేయాలి.

ఈ పేజీ ఎప్పటికీ చూపించలేనిది ఒకటుంది, బ్యాటరీ వయసు. కొన్నప్పుడు 5000 ఎంఏహెచ్ ఉన్న బ్యాటరీ రెండు మూడేళ్లకు 4000కు చేరితే అన్ని పనులూ ఎప్పటిలాగే చేసినా అంకె త్వరగా దిగుతుంది. ఎవరి వాటాలూ మారవు, జాబితాలో కొత్త పేరేదీ పైకి రాదు. వాటాలన్నీ పాతవే అయి, దిగడం మాత్రం వేగమైతే, లేదా 20 శాతం దగ్గర ఫోన్ హఠాత్తుగా ఆగిపోతుంటే, యాప్‌లు తీసేయడం ఆపి బ్యాటరీ మార్పించుకోవాలి.