ఒక్క జవాబుతో తేలే అపాయింట్‌మెంట్

పెద్ద హోదాలో ఉన్నవారితో సమావేశం ఖాయం కావాలంటే ముందు వారి క్యాలెండర్ చూసే సహాయకులకు పని తేలిక కావాలి. క్యాలెండర్‌లో చోటు ఇచ్చే ముందు వారికి కొన్ని సంగతులు తెలియాలి. అడుగుతున్నది ఎవరు, ఏ పని మీద, ఎంతసేపు, వీడియో కాలా లేక నేరుగా కలవడమా, ఎప్పటిలోగా? మెయిల్‌లో వీటిలో ఏది లేకపోయినా అదే ప్రశ్నగా తిరిగొస్తుంది. జవాబులో ప్రశ్న వచ్చిందంటే అడిగినవారు ఏదో వదిలేశారనే లెక్క.

‘మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే’ అని రాయడం మర్యాదగానే కనిపిస్తుంది. కానీ దానితో పనంతా సహాయకుల మీద పడుతుంది. వాళ్లు వెతికి ఒక సమయం చెబితే, తీరా ఆ రోజు అడిగినవారికే కుదరకపోవచ్చు. అప్పుడు కథ మళ్లీ మొదటికొస్తుంది.

హైదరాబాద్‌లో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక చిన్న కంపెనీ, న్యూజెర్సీలోని కొనుగోలుదారు సంస్థ వైస్ ప్రెసిడెంట్‌తో అరగంట మాట్లాడాలనుకుందాం. అక్కడ తెల్లవారేసరికి ఇక్కడ సాయంత్రమవుతుంది కాబట్టి ఒక్కో ప్రశ్నకు ఒక్కో రోజు పోతుంది. సహాయకురాలికి పంపే మెయిల్‌ను తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉండాలి:

‘వచ్చే ఏడాది సరఫరా ధరల గురించి 30 నిమిషాల వీడియో కాల్ కోసం రాస్తున్నాం. మా వైపు నుంచి ఇద్దరు ఉంటారు, వారి మెయిల్ ఐడీలు కింద ఇచ్చాం. నవంబరు 6లోగా మాట్లాడాలి. ఇవన్నీ న్యూజెర్సీ సమయాలు:
1. మంగళవారం, అక్టోబరు 27, ఉదయం 9.00 (భారత్‌లో సాయంత్రం 6.30)
2. గురువారం, అక్టోబరు 29, ఉదయం 11.00 (భారత్‌లో రాత్రి 8.30)
3. బుధవారం, నవంబరు 4, ఉదయం 8.30 (భారత్‌లో రాత్రి 7.00)
అంకె ఒక్కటి చెబితే చాలు, ఇన్విటేషన్, లింకు మేమే పంపుతాం. మూడూ కుదరకపోతే నవంబరు 5, 6 తేదీల్లో ఉదయం 8 నుంచి 11 మధ్య ఏ అరగంటైనా సరే. అందులో ఒకటి ఖాయం చేసి చెప్పండి. ఈ సమయాలన్నీ అక్టోబరు 23, శుక్రవారం సాయంత్రం వరకు మీకోసం ఖాళీగా ఉంచుతాం.’

ఇందులో మూడు సమయాలూ మూడు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు గంటల్లో ఉన్నాయి. పెద్దవారి క్యాలెండర్‌లో వారంవారం జరిగే సమీక్షలు, ప్రయాణాలు ఒక పూటనో ఒక రోజునో మొత్తంగా ఆక్రమిస్తాయి. ఒకే ఉదయాన 9, 10, 11 గంటలు ఇస్తే చూడడానికి మూడే గానీ, ఆ రోజు విమాన ప్రయాణం ఉంటే మూడూ ఒక్కసారే పోతాయి. పది సమయాలు ఇచ్చినా లాభం లేదు. అన్నింటినీ క్యాలెండర్‌తో సరిచూడడం విసుగు, పైగా అడిగినవారు అన్నాళ్లు వాటిని ఖాళీగా ఉంచలేరు.

మూడో సమయం దగ్గర ఒక మెలిక ఉంది. అమెరికాలో వేసవి సమయం నవంబరు మొదటి ఆదివారంతో ముగుస్తుంది. 2026లో అది నవంబరు 1. అప్పటిదాకా న్యూజెర్సీకి, మనకు మధ్య తొమ్మిదిన్నర గంటల తేడా ఉంటే, ఆ తర్వాత పదిన్నర అవుతుంది. పాత లెక్కతో నవంబరు 4ను సాయంత్రం 6 గంటలని రాసుకుంటే హైదరాబాద్ వాళ్లు గంట ముందే వచ్చి ఖాళీ తెర చూస్తూ కూర్చోవాలి. అందుకే ఎదుటివారి సమయం ముందు రాసి, మన సమయం పక్కన పెట్టాలి. వారం పేరు, తేదీ రెండూ ఇస్తే ఒకదాంట్లో తప్పు దొర్లినా రెండోది పట్టిస్తుంది.

అయితే అసలు కీలకం ‘మూడూ కుదరకపోతే’ అన్న వాక్యమే. చాలామంది దాన్ని వదిలేస్తారు. అది లేకపోతే ‘కుదరదు’ అన్న జవాబుతో రెండో విడత ఉత్తరాలు మొదలవుతాయి. అది ఉంటే కుదరని సందర్భంలోనూ జవాబు ఒక ఖాయమైన సమయంగానే వస్తుంది. గడువు చెప్పడం కూడా తొందరపెట్టడానికి కాదు. ఆ సమయాలను మరొకరికి ఇచ్చేయకుండా తమ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నామని, ఎప్పటిదాకా ఉంచగలమో అప్పటిదాకా ఉంచుతామని తెలపడానికి. ఆ గుర్తు నిజంగా పెట్టుకోవాలి. సహాయకులు ‘2’ అని పంపాక ‘క్షమించండి, అది పోయింది’ అంటే మళ్లీ అడగడం కష్టం.

సమయాలు రాసే బదులు బుకింగ్ లింకు పంపే అలవాటు ఇప్పుడు ఎక్కువైంది. సమాన హోదావారి మధ్య అది సుఖమే. పెద్దవారి సహాయకులకు మాత్రం ఇంకో పేజీ తెరిచి, రెండు క్యాలెండర్లు పక్కపక్కన చూసే పని పెడుతుంది. లింకు ఇవ్వదలిస్తే మూడు సమయాల కింద ఇవ్వాలి, వాటి బదులుగా కాదు.

ఈ పద్ధతి అన్నిచోట్లా నడవదు. మంత్రి పేషీకో, కలెక్టరు కార్యాలయానికో మూడు సమయాలు రాసి ఎంచుకోమంటే బాగుండదు. అక్కడ సమయం ఇచ్చేది వాళ్లే, ఇచ్చినా చివరి నిమిషంలో మారొచ్చు. అలాంటిచోట పని ఏమిటో రెండు వాక్యాల్లో రాసి, ఎందరు వస్తారో, ఎన్ని నిమిషాలు చాలో చెప్పి, ‘12 నుంచి 16వ తేదీ దాకా ఊళ్లోనే ఉంటాం, 14 మధ్యాహ్నం తప్ప ఎప్పుడు పిలిచినా వస్తాం’ అని ఫోన్ నంబరు ఇవ్వాలి. అప్పుడు పేషీ నుంచి ఒక్క ఫోన్‌తోనే పని తేలుతుంది.