వనభోజనాలకు ఏం కట్టుకుందాం?

కార్తీకమాసం వచ్చిందంటే ప్రతి కాలనీలోనూ వనభోజనాల కబురు మొదలవుతుంది. ఉసిరిచెట్టు దగ్గర దీపం, నేలమీద పంక్తి భోజనం, ఆ తర్వాత మ్యూజికల్ చైర్స్, తాడు లాగుడు, నోట్లో చెంచా పెట్టుకుని నిమ్మకాయ పరుగు. కట్టుకున్న బట్ట పూజకు పనికిరావాలి, పరుగుకూ పనికిరావాలి, సాయంత్రం గ్రూపు ఫొటోలో బాగుండాలి. చాలామంది ఫొటోనే తలుచుకుని బీరువా తెరుస్తారు. ముందు కింద కూర్చోవడానికీ పరిగెత్తడానికీ వీలైనవి పక్కన పెట్టి, ఫొటోకి వాటిలోంచే ఎంచుకుంటే మధ్యాహ్నానికి ఎవరూ విసుక్కోరు.

వేసుకున్నాక అద్దం ముందు నిలబడి చూస్తే సరిపోదు. బాసింపట్టు వేసుకుని కూర్చోండి, లేవండి, రెండు చేతులూ పైకెత్తండి, నాలుగడుగులు పెద్దగా వేయండి. బిగుతు జీన్స్ మోకాళ్ల వెనక కోసుకుంటుంటే పంక్తిలో పులిహోర అయ్యేసరికి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. చేతులెత్తినప్పుడు చంకల్లో పట్టేసే జాకెట్టు, పొట్ట బయటపడే టాప్ ఆటలకు వద్దు.

ఈ రోజుల్లో పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ, సాయంత్రం ఇట్టే చీకటి, దోమలు. అందుకని పల్చటి నూలు బట్ట, దానిమీద తీసి వేసుకునే పొడుగు చేతుల చొక్కా ఒకటి ఉంటే చాలు. చెమట సంగతి కూడా చూడాలి. లేత బూడిద, లేత నీలం చొక్కాల్లో తడి మచ్చ దూరానికే కనబడుతుంది. తెలుపులో, ముదురు నీలంలో, చిన్న పూల అద్దకంలో అంతగా తెలియదు. కొత్త ముదురు రంగు నూలు బట్టయితే ముందే విడిగా ఉతకాలి. తడిపిన తెల్లగుడ్డతో లోపలి అంచు రుద్దితే, రంగు దిగేదో కాదో ఇంట్లోనే తేలిపోతుంది.

ఇక కుటుంబమంతా ఒకే గుడ్డలోంచి కుట్టించుకోవడం నాకు నచ్చదు. పెళ్లి బ్యాండువాళ్లలా ఉంటారు. ఒక చీర తీసి, దాని రంగులు మిగతావారికి పంచడం మేలు. అమ్మ దగ్గర ముదురాకుపచ్చ మంగళగిరి నూలు చీర ఉందనుకోండి, అంచు జరీ. ఆ జరీకి దగ్గరగా ఉండే ఆవపిండి రంగు ప్లెయిన్ చొక్కా నాన్నకి, గోధుమరంగు వదులు ప్యాంటుతో. పదేళ్ల పాపకి ఆకుపచ్చ, ఆవపిండి రంగులు కలిసిన పెడన అద్దకం కుర్తీ, మోకాలి దాకా, పక్కల చీలికతో; కింద నిటారు ప్యాంటు. బాబుకి మీగడ తెలుపు టీషర్టు, ముదురాకుపచ్చ నిక్కరు. నానమ్మకి తనకు అలవాటైన మెత్తటి నేతచీర, ఏ రంగైనా సరే; ఆవిడని ఈ లెక్కలోకి లాగొద్దు. అద్దకం ఒక్కరికే ఉంది కాబట్టి ఫొటోలో గజిబిజి ఉండదు, ఎవరూ యూనిఫాంలో ఉన్నట్టూ ఉండరు.

చీరతో ఆడలేమనుకోనక్కర్లేదు. కుచ్చిళ్లు చీలమండ పైకి కట్టి, లోపల పిన్నీసు పెట్టి, పైట మడతలు భుజం మీద బిగించి కొంగు నడుములో దోపుకుంటే తాడు లాగొచ్చు. కొత్త చీర అయితే ఒకసారి ఉతికి గంజి పోగొట్టండి, లేకపోతే కూర్చుని లేచాక ముందంతా బుడగలా ఉబ్బుతుంది. పొయ్యి దగ్గర వడ్డించేవారు జార్జెట్ వంటి సింథటిక్ చీరలు కట్టొద్దు. నిప్పంటుకుంటే ఆ గుడ్డ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. నూలుకి నిప్పు అంటుకోదని కాదు, కొంగు ఎప్పుడూ దోపుకునే ఉండాలి.

తాడు లాగేముందు గాజు గాజులు, ఉంగరాలు తీసి సంచిలో వేయండి. వేళ్ల మీద నిలవని హవాయి చెప్పులతో పిల్లల్ని పరిగెత్తనీయొద్దు; మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులో, బూట్లో వేయండి. తోటల్లో ఉత్తరేణి గింజలు పట్టుకునేది ఎక్కువగా ఊలు, అల్లిక బట్టలనే. దగ్గరగా నేసిన నూలు ప్యాంటయితే చేత్తో దులిపితే చాలా వరకు పోతాయి.

పులిహోర మరక పడితే అక్కడికక్కడే సబ్బు రుద్దకండి, పసుపు ఎర్రబడి కంగారు పెడుతుంది. ముందు కాగితంతో నూనె అద్దేయండి. ఇంటికొచ్చాక ఉతికి ఎండలో ఆరేయండి. పసుపు రంగు వెలుతురుకి వెలిసిపోతుంది.