93 శాతం కరెక్టే, కానీ...

ఒంట్లో చేరిన ఇన్ఫెక్షన్‌తో పోరాడుతూ శరీరం అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీసుకుంటే దాన్ని సెప్సిస్ అంటారు. గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. దాన్ని ముందే పసిగట్టే సాఫ్ట్‌వేర్ ఉందంటే ఏ ఆసుపత్రికి ఆశ పుట్టదు? అమెరికాలో ఎపిక్ కంపెనీ తెచ్చిన అలాంటి సాఫ్ట్‌వేర్‌ను వందలాది ఆసుపత్రులు వాడాయి. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ దగ్గరి 38 వేల పైచిలుకు అడ్మిషన్ల రికార్డులతో దాని పనితనాన్ని సరిచూసి, 2021లో ఫలితాలు ప్రచురించారు.

వాళ్ల లెక్కను వందమందికి కుదించి చూద్దాం. వందమంది రోగుల్లో సెప్సిస్ వచ్చింది ఏడుగురికి. సాఫ్ట్‌వేర్ 18 మంది విషయంలో హెచ్చరించింది. ఆ 18 మందిలో నిజంగా సెప్సిస్ ఉన్నది ఇద్దరికే. మిగతా ఐదుగురిని అది గుర్తించనే లేదు. ఉత్త హెచ్చరికలకు పరుగెత్తి విసిగిన నర్సు, అసలైనది మోగినప్పుడు తొందరపడకపోతే తప్పు ఎవరిది?

ఇక్కడే అమ్మేవాళ్ల అంకెల గారడీ ఉంది. “ఎవరికీ సెప్సిస్ లేదు” అని ప్రతిసారీ చెప్పే డొల్ల యంత్రం కూడా వందకు 93 సార్లు నిజమే చెబుతుంది! కాబట్టి “93 శాతం కచ్చితత్వం” అన్న మాటకు, జబ్బు ఎంతమందికి ఉందో చెప్పనంతవరకు విలువ లేదు. అడగాల్సినవి వేరు: ఉన్నవాళ్లలో ఎందరిని పట్టింది? మోగిన హెచ్చరికల్లో ఎన్ని నిజం?

అంతకంటే గడుసు ప్రశ్న ఇంకొకటి ఉంది: యంత్రం దేన్ని చూసి చెబుతోంది? ఎపిక్ సాఫ్ట్‌వేర్ పరిగణించిన అంశాల్లో, డాక్టర్ యాంటీబయాటిక్ రాశారా లేదా అన్నదీ ఒకటి. ఇన్ఫెక్షన్ ఉందన్న అనుమానం వచ్చాకే కదా డాక్టర్ ఆ మందు రాసేది! ఆయన కనిపెట్టినదాన్నే యంత్రం తిప్పి చెబితే రిపోర్టులో మార్కులు పెరుగుతాయి, రోగికి ఒరిగేది తక్కువ. అందుకే డాక్టర్ కంటే ఎన్ని గంటల ముందు చెప్పిందో టైముతో సహా చూపించమనాలి.

డెమోలో చూపేవి వాళ్లు ఏరుకున్న కేసులు. మన ఆసుపత్రిలో పోయిన ఏడాది రికార్డులు, పేర్లు తీసేసి, ఫలితాలు మాత్రం మన దగ్గరే ఉంచుకుని ఇవ్వాలి. ఆ తర్వాత కొన్ని వారాలు వార్డులో నడపాలి, కానీ హెచ్చరికలు డాక్టర్లకు కనిపించకూడదు. యంత్రం ఎప్పుడు పట్టింది, డాక్టర్ ఎప్పుడు పట్టారు అన్నది అప్పుడు పక్కపక్కనే తేలుతుంది. దీనికి ఖర్చవుతుంది, నిజమే. అయినా ఐదేళ్ల లైసెన్సు సంతకం కంటే చవకే.

ఎపిక్ కూడా 2022లో సాఫ్ట్‌వేర్‌ను సవరించింది. ప్రతి ఆసుపత్రీ వాడే ముందు తన సొంత రోగుల డేటాతోనే దానికి శిక్షణ ఇచ్చుకోవాలని సూచించింది.