డాలర్ల తేదీ తెలియనప్పుడు: విండో ఫార్వర్డ్, రోలింగ్ ఫార్వర్డ్

మూడు నెలల తర్వాత వచ్చే డాలర్లకు బ్యాంకుతో ఈరోజే రూపాయి రేటు ఖాయం చేసుకునే ఒప్పందాన్ని ఫార్వర్డ్ కాంట్రాక్టు అంటారు. ఇందులో మూడు విషయాలు ముందే రాసుకుంటారు: ఎన్ని డాలర్లు, ఏ రేటుకు, ఏ తేదీన. మొదటి రెండూ వ్యాపారి చేతిలో ఉంటాయి. మూడోది చాలాసార్లు ఉండదు. ఆ తేదీ జారినప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నకు బ్యాంకుల దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి విండో ఫార్వర్డ్, రెండోది రోలింగ్ ఫార్వర్డ్.

భీమవరం నుంచి అమెరికాకు గడ్డకట్టించిన రొయ్యలు పంపే ఒక ఎగుమతిదారును ఊహించుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. సరుకు విలువ లక్ష డాలర్లు. కొనుగోలుదారు జూన్ 15 నాటికి చెల్లిస్తానన్నాడు. కానీ ఓడ ఆలస్యం కావచ్చు. అమెరికా రేవులో ఆహార తనిఖీ అధికారులు నమూనాలు తీసి కంటైనర్‌ను కొన్నాళ్లు ఆపవచ్చు. డబ్బు రావడం ఖాయమే అయినా జూన్ 15కా, జూలై మొదటి వారంలోనా అన్నది మార్చి 15న ఎవరూ చెప్పలేరు.

ఆ రోజు డాలరు రేటు 85 రూపాయలనుకుందాం. మన దగ్గర వడ్డీ రేట్లు అమెరికాలో కన్నా సాధారణంగా ఎక్కువ కాబట్టి, గడువు పెరిగేకొద్దీ ఫార్వర్డ్‌లో డాలరు ధర కొంచెం కొంచెంగా పెరుగుతుంది. ఈ పెరుగుదలనే ప్రీమియం అంటారు. లెక్క తేలిక కోసం అది నెలకు 15 పైసలు అనుకుంటే, మూడు నెలల తర్వాతి జూన్ 15కు రేటు 85.45, నాలుగు నెలల తర్వాతి జూలై 15కు 85.60 అవుతుంది.

స్థిర తేదీ ఫార్వర్డ్‌లో ఎగుమతిదారు జూన్ 15కు 85.45 దగ్గర ఖాయం చేసుకుంటాడు. ఆ రోజు లక్ష డాలర్లు బ్యాంకుకు అప్పగించాల్సిందే. బ్యాంకు కూడా ఆ తేదీని నమ్ముకునే మార్కెట్‌లో తన ఏర్పాట్లు చేసుకుంటుంది. అందుకే ఒక్క రోజు తేడా వచ్చినా ఒప్పందాన్ని మళ్లీ సర్దుకోవాల్సి వస్తుంది.

విండో ఫార్వర్డ్‌లో ఒక్క తేదీకి బదులు కొంత వ్యవధి రాసుకుంటారు. దీన్నే బ్యాంకుల్లో ఆప్షన్ ఫార్వర్డ్ అని కూడా అంటారు. జూన్ 15 నుంచి జూలై 15 దాకా విండో పెట్టుకుంటే, ఆ నెలలో ఏ పనిదినాన డాలర్లు వచ్చినా అదే రేటుకు ఇచ్చేయవచ్చు. రెండు విడతలుగా వస్తే రెండు విడతలుగా ఇవ్వడానికీ సాధారణంగా వీలుంటుంది. మరి రేటెంత? రోజును ఎంచుకునే హక్కు ఎగుమతిదారుది కాబట్టి, ఆ వ్యవధిలో అతనికి అన్నిటికన్నా తక్కువగా వచ్చే రేటునే బ్యాంకు ఇస్తుంది. అంటే విండో మొదటి రోజు వరకే ప్రీమియం లెక్కించి 85.45 ఇస్తుంది. దిగుమతిదారు డాలర్లు కొంటాడు కనుక అతనికి లెక్క తిరగబడుతుంది. విండో చివరి రోజు దాకా ప్రీమియం అతని మీద పడుతుంది.

విండోకు వ్యాపారి చెల్లించే ధర ఇదే. బిల్లులో ఎక్కడా విడిగా కనిపించదు, రేటులోనే కలిసిపోయి ఉంటుంది. దాన్ని కనిపెట్టడానికి సులువైన దారి ఒకటుంది. విండో మొదటి రోజుకు, చివరి రోజుకు స్థిర తేదీ రేట్లు ఎంతో బ్యాంకును అడిగి, ఆ తేడాను డాలర్ల సంఖ్యతో గుణించడమే. ఇక్కడ 15 పైసలను లక్షతో గుణిస్తే 15,000 రూపాయలు. డబ్బు చివరి రోజున వస్తే వదులుకున్న మొత్తం అది. జూలై 8న వస్తే వదులుకున్నది 23 రోజుల ప్రీమియం, అంటే సుమారు 11 పైసలు, 11,000 రూపాయలు.

ఆప్షన్ అన్న పేరు చూసి చాలామంది పొరబడతారు. ఎంచుకునే వీలు తేదీకే, డాలర్లు ఇవ్వాలా వద్దా అన్నదానికి కాదు. మార్కెట్ రేటు 88కి పోయినా 85.45కే ఇవ్వాలి. కొనుగోలుదారు అసలు చెల్లించకపోతే ఒప్పందాన్ని ఆనాటి రేటుకు క్యాన్సిల్ చేసుకుని, నష్టముంటే కట్టాలి.

రోలింగ్ ఫార్వర్డ్‌లో ముందుగా స్థిర తేదీకే ఒప్పందం చేసుకుంటారు. ఆ తేదీకి డాలర్లు రాకపోతే గడువును ముందుకు జరుపుతారు. జరపడమంటే కాగితం మీద తేదీ మార్చడం కాదు. పాత ఒప్పందాన్ని ఆనాటి మార్కెట్ రేటుకు క్యాన్సిల్ చేసి, కొత్త తేదీకి ఆనాటి ఫార్వర్డ్ రేటుకు మళ్లీ బుక్ చేయడం.

జూన్ 15న బ్యాంకు డాలరును 86.40కి అమ్ముతోందనుకుందాం. ఎగుమతిదారు 85.45కి ఇస్తానన్న డాలర్లు చేతిలో లేవు. క్యాన్సిల్ చేయడమంటే వాటిని 86.40కి కొని 85.45కి ఇచ్చినట్టే. తేడా 95 పైసలు, అంటే 95,000 రూపాయలు ఆ రోజే ఖాతా నుంచి పోతుంది. తర్వాత జూలై 8కి కొత్త ఒప్పందం. బ్యాంకు కొనే రేటు 86.37కి 11 పైసల ప్రీమియం కలిపి 86.48. జూలై 8న డాలర్లు 86.48కి అమ్ముడవుతాయి. అందులోంచి ముందు కట్టిన 95 పైసలు తీసేస్తే మిగిలేది 85.53.

ఇక్కడ గమనించాల్సిన అసలు సంగతి ఒకటుంది. జూన్ 15న డాలరు 84కి పడిపోయి ఉంటే ఎగుమతిదారుకు ఆ రోజు డబ్బు చేతికి వచ్చేది, కొత్త ఒప్పందం రేటు మాత్రం అంతే మేరకు తగ్గేది. చివరికి మిగిలేది అప్పుడూ 85.53 దరిదాపుల్లోనే. అంటే గడువు జరిపినంత మాత్రాన మొదట ఖాయం చేసుకున్న రక్షణ పోదు. క్యాన్సిలేషన్ నష్టాన్ని మాత్రమే చూసి ఫార్వర్డ్ వల్ల మునిగిపోయామనుకోవడం సగం లెక్కే. ఆ 95,000 కొత్త రేటు రూపంలో తిరిగి వస్తుంది.

ఇబ్బందల్లా ఆ డబ్బు ముందు పోయి, తర్వాత రావడంలో ఉంది. సరుకు డబ్బు ఇంకా అందలేదు, మేత, ఐసు, కూలీల బిల్లులు ఆగవు, ఆ సమయంలోనే దాదాపు లక్ష రూపాయలు సర్దాలి. అప్పు తెచ్చినా 10 శాతం వడ్డీకి 23 రోజులకు 600 రూపాయలే. కానీ రూపాయి మూడు నెలల్లో బాగా పడిపోయి తేడా 3 రూపాయలైతే సర్దాల్సింది 3 లక్షలు. ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి అప్పటికే నిండి ఉంటే అదే పెద్ద చిక్కు.

ఖర్చులు పక్కపక్కన పెడితే, మార్చిలోనే జూలై 8కి బుక్ చేసి ఉంటే వచ్చే రేటు 85.56. దానితో పోలిస్తే విండోలో తగ్గింది 11 పైసలు. రోలింగ్‌లో తగ్గింది 3 పైసలు, దానికి వడ్డీ, బ్యాంకు చార్జీలు కలపాలి. ఈ ఉదాహరణలో రోలింగే చవక. కానీ ఆ అంకె జూన్‌లో తేలిందే తప్ప మార్చిలో తెలియదు. అప్పటికి ప్రీమియం ఎంత ఉంటుందో, ఎన్నిసార్లు జరపాల్సి వస్తుందో ముందే చెప్పలేం. జరిపిన ప్రతిసారీ కొనే, అమ్మే రేట్ల మధ్య తేడా మళ్లీ కట్టాలి. విండోలో మాత్రం ఖర్చు మొదటి రోజే తేలిపోతుంది, మధ్యలో డబ్బు సర్దాల్సిన అవసరం రాదు.

కాబట్టి ఆలస్యం రెండు మూడు వారాలకు మించదని గత లావాదేవీలు చెబుతుంటే, చేతిలో నగదు బిగుతుగా ఉంటే విండో నయం. తేదీ దాదాపు ఖాయమై, ఎప్పుడో తప్ప జారకపోతే స్థిర తేదీకి బుక్ చేసి, అవసరమైతే జరుపుకోవడం చవక. ఆలస్యం ఎన్ని నెలలో తెలియనప్పుడు విండో ఒక్కటే సరిపోదు. అది ముగిసేనాటికీ డాలర్లు రాకపోతే దాన్నీ జరపాల్సిందే. విండో తెరుచుకోకముందే డాలర్లు వచ్చినా బ్యాంకుకు సర్దుబాటు ఖర్చు కట్టాలి.

ఏ పద్ధతిలోనైనా గడువు రోజున మౌనంగా ఉండటం అన్నిటికన్నా ఖరీదైన తప్పు. ఖాతాదారు ఏమీ చెప్పకపోతే కొద్ది పనిదినాల తర్వాత బ్యాంకు ఒప్పందాన్ని తనంతట తానే రద్దు చేస్తుంది. నష్టం వస్తే ఖాతాదారు నుంచి వసూలు చేస్తుంది, లాభం వస్తే అతనికి దక్కకపోవచ్చు. ఆ తర్వాత వచ్చే డాలర్లకు ఆనాటి మార్కెట్ రేటే గతి. మార్చిలో కట్టుకున్న రక్షణ అక్కడితో తెగిపోతుంది.