కిక్‌ఆఫ్ మీటింగ్‌లో ఏం చెప్పాలి

కొత్త ప్రాజెక్టు మొదలయ్యే రోజున ప్రాజెక్ట్ మేనేజర్ చేసే ప్రసంగంలో మూడు విషయాలు తేలాలి: పని ఎప్పటికి పూర్తవుతుంది, మధ్యలో ఏ తేదీకి ఏది చేతికి రావాలి, దానికి ఎవరు జవాబుదారీ.

ఉదాహరణకు ఓ ఆసుపత్రి పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను తీసేసి కొత్తది పెట్టుకుంటోందనుకుందాం. కొత్త ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కాబట్టి, ఆ రోజు నుంచే కొత్త బిల్లులు రావాలని యాజమాన్యం కోరిక. కిక్‌ఆఫ్ జనవరి 5న. మేనేజర్ లెక్క చివరి తేదీ నుంచి వెనక్కి నడుస్తుంది. కౌంటర్ సిబ్బంది ఉత్తుత్తి బిల్లులు కొట్టి చూడటానికి మూడు వారాలు కావాలి, కాబట్టి అది మార్చి 1న మొదలవ్వాలి. అందుకు రేట్లన్నీ ఫిబ్రవరి నెలాఖరుకు సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కాలి. ఎక్కించడానికి నాలుగు వారాలు పడుతుంది గనుక రేట్ల పట్టిక జనవరి 31కే ఖరారు కావాలి.

ఈ మెట్లే మైలురాళ్లు. మైలురాయి అంటే అయిందా, కాలేదా అని ఒక్క మాటలో తేలిపోయేది. ‘రేట్ల పని జరుగుతోంది’ అన్నది మైలురాయి కాదు. ‘పట్టిక మీద మెడికల్ సూపరింటెండెంట్ సంతకం పడింది’ అన్నది మైలురాయి. తొంభై శాతం అయిపోయిందన్న జవాబు వారాల తరబడి అలాగే వినిపిస్తుంటే, మైలురాయిని సరిగ్గా రాసుకోలేదన్నమాటే.

అన్ని ఆలస్యాలూ ఒకటి కావు. నర్సుల శిక్షణ వారం అటూ ఇటూ అయినా ఏప్రిల్ 1కి ఢోకా లేదు. రేట్ల పట్టిక వారం జారితే మాత్రం ఎక్కించడం మార్చి 7కు పోతుంది, పరీక్షకు మూడు వారాల బదులు రెండే మిగులుతాయి. ప్రసంగంలో ఎక్కువ సమయం ఈ గొలుసుకే ఇవ్వాలి. వెనక్కి తగ్గడానికీ ఒక తేదీ ముందే చెప్పాలి: మార్చి 24 నాటికి పరీక్ష బిల్లులు సరిపోలకపోతే పాత సాఫ్ట్‌వేర్‌తోనే కొనసాగుతారు. ఈ ముక్క చెప్పడానికి చాలామంది మేనేజర్లు మొహమాటపడతారు. తీరా మార్చి నెలాఖరున, అందరూ అలసిపోయి ఉన్నప్పుడు, ఆ నిర్ణయం తీసుకోవడం ఇంకా కష్టం.

ఇక బాధ్యత. ‘అకౌంట్స్ విభాగం చూసుకుంటుంది’ అంటే ఎవరూ చూసుకోరు. “రేట్ల పట్టిక అకౌంట్స్ మేనేజర్ గారి బాధ్యత. డాక్టర్ల ఫీజులు డిపార్ట్‌మెంట్ల నుంచి తెప్పించుకోవాల్సింది కూడా వారే” అని మనిషిని చూపించి చెప్పాలి. సాయం చేసేవాళ్లు నలుగురుండొచ్చు, జవాబు చెప్పేది ఒక్కరే. పరీక్ష బాగా జరిగిందని ఒప్పుకోవాల్సింది సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు కాదు, రోజూ బిల్లు కొట్టే కౌంటర్ సూపర్‌వైజర్.

అయితే ఆ పేర్లు సభలో మొదటిసారి వినిపించకూడదు. అనుభవమున్న మేనేజర్ ఒక్కొక్కరితో ముందే విడిగా కూర్చుని తేదీ ఒప్పించుకుంటాడు. నలుగురిలో హఠాత్తుగా పేరు పిలిస్తే ఎవరైనా తలూపుతారు. జనవరి 31న సంతకానికి ముగ్గురు డాక్టర్లు సెలవులో ఉంటారన్న సంగతి అలా తలూపితే బయటికి రాదు.